ఎడమచేతి బొంత

మా అక్క మునిరత్నమ్మది ఎడమచేతి వాటం. అక్క అంటే నాకు తోడబుట్టింది కాదు, మా బావగారి భార్య. ఐరాలలో మా రెండిళ్ళకూ మధ్య ఒక్క గోడ. ఆమె అన్నం కుడిచేత్తో తింటుంది, పసుపు కుంకుమ కుడిచేత్తో ఇస్తుంది. చిన్నప్పుడు వాతలు పెట్టి నేర్పించారట. సూది పట్టుకుంటే మాత్రం అది ఎడమచేతిలోకే పోతుంది. ఆ ఒక్కటీ ఎవరూ మాన్పించలేకపోయారు.

మేమిద్దరం బొంతలు కుట్టడం మా అత్త దగ్గర నేర్చుకున్నాం. పాత నూలు చీరలు ఉతికి ఆరేసి, నేల మీద ఒకదాని మీద ఒకటి పరిచి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టి, నడుమ నుంచి అంచులకు అరచేత్తో ముడతలు తోసెయ్యాలి. పొరలు కదలకుండా ముందు దూరదూరంగా కుట్లు వేసుకోవాలి. ఆ తరువాత అంచులు లోపలికి మడిచి, అంచు వెంబడి చుట్టూ తిరుగుతూ, చుట్టు మీద చుట్టు, నడుముకు చేరాలి. కుడిచేతి వాళ్ళ కుట్టు కుడి నుంచి ఎడమకు పోతుంది. అక్క కుట్టు ఎడమ నుంచి కుడికి పోతుంది. అంతే తేడా. కుట్టేశాక పక్కపక్కన పెడితే ఏది ఎవరిదో అత్త కూడా చెప్పలేకపోయేది.

అయినా అత్త ఒక కట్టుబాటు పెట్టింది. పుట్టిన బిడ్డల బొంతకు ఎడమచెయ్యి తగలకూడదు. పెద్దవాళ్ళ బొంతలు, కాళ్ళ కింద వేసుకునేవి, తోట కాపలాకు పోయేవాళ్ళవి అక్కకు. బిడ్డలవన్నీ నాకు. ఈ వీధిలో పుట్టిన బిడ్డల్లో సగం మంది నా కుట్ల మీద పడుకున్నవాళ్ళే. నా కొడుకు గిరి, అక్క కూతురు రూపశ్రీ కూడా. అక్క నాకంటే ముందు వచ్చిన కోడలు, నాకంటే రంగు, నాకంటే మాటకారి. ఆ ఒక్క పనిలో నేను పైన. ముప్పై ఏళ్ళు ఆ పైమెట్టు మీదే నిలబడి ఉన్నాను.

గిరి పోయి ఇది మూడో ఏడు. చిత్తూరు నుంచి బండి మీద వస్తూ పోయాడు. ఆ తరువాత నేను సూది పట్టలేదు.

అక్క పట్టింది. రూపశ్రీ రేణిగుంటలో ఒక కంపెనీలో పని చేస్తుంది, ఆదివారం ఆదివారం ఇంటికి వస్తుంది. ఒక ఆదివారం అమ్మ కుడుతుంటే ఊరికే ఫోన్‌లో తీసింది. అర నిమిషం. మొహం లేదు, మాట లేదు. గాజుల చెయ్యి, సూది, దారం బట్టలో నుంచి దూరేటప్పుడు సర్రుమనే చప్పుడు. అది నెట్‌లో జనం చూసేట్టు పెట్టింది. పై వారానికి నలభై వేల మంది చూశారు.

"ఎడమచెయ్యి గదా, అందుకే అట్ల సూస్తా ఉండారు చిన్నమ్మా," అంది నాతో. "అందురూ కుడిచేత్తో కుడితే ఏముండాది సూసేదానికి?"

ఏ చేతిని అత్త ముప్పై ఏళ్ళు పక్కన పెట్టిందో ఆ చేతిని నలభై వేల మంది చూశారు. "ఎంత బాగుండాదో ఆ చెయ్యి" అని ఎవరో రాస్తే రూపశ్రీ చదివి వినిపించింది. నేను నా రెండు చేతులూ కొంగులో పెట్టుకున్నాను.

వారంలో ఆరు రోజులు రూపశ్రీ ఉండదు. తీసేవాళ్ళు కావాలి. "చిన్నమ్మ చెయ్యి వణకదు, ఆమే తీస్తాది," అని ఆ పని నాకు అంటగట్టింది. ఒక నోటుపుస్తకంలో ఏమేం తియ్యాలో రాసిపెట్టి పోయేది. నేను ఐదో తరగతి దాకే చదివాను, అక్షరం అక్షరం వేలు పెట్టి చదువుకుంటాను. ఆ పుస్తకంలో ఇట్లా ఉండేది: పాత చీరల కుప్ప నుంచి బొంత దాకా, ఫోన్ ఒకే చోట పెట్టి రోజుకు కొంచెం. ఫ్యాన్ ఆపేసి కుట్టు చప్పుడు మాత్రమే. తప్పు పోయిన వరుసను విప్పి మళ్ళీ కుట్టేది, దాచిపెట్టకుండా. అంచుకు ఏ రంగు వేద్దామని చూసేవాళ్ళనే అడిగేది. ఈ చీర ఎవరిది, ఎప్పుడు కొన్నారు.

పై నుంచి తియ్యాలంటే రెండు కుర్చీల మీద పలక వేసి, దాని అంచున ఫోన్ వెల్లకిలా పెట్టి, కెమెరా కన్ను మాత్రం బయటికి వచ్చేట్టు జరిపి, వెనక రాయి బరువు పెట్టాలి. తీసే ముందు కన్ను తుడవాలి. ఫోన్‌లో కుట్టు కనపడే చోట వేలితో రవ్వంతసేపు అదిమి పట్టుకుంటే అక్కడే తేటగా నిలుస్తుంది, లేకుంటే చెయ్యి కదిలినప్పుడల్లా మసకబారుతుంది. మొదటి రెండు క్షణాల్లోనే సూది దిగాలి, చీర పరిచేది చూస్తూ ఎవరూ కూర్చోరు.

ఇవన్నీ ఆ పిల్ల చెప్పింది. ఒకటి మాత్రం నేనే కనిపెట్టాను. తలవాకిలి వెలుతురు ఎడమ పక్క నుంచి పడేది, అక్క చేతి నీడ సరిగ్గా సూది మీదికే వచ్చేది. ఆమెను అటు తిప్పి కూర్చోబెట్టి వెలుతురు కుడి పక్క నుంచి వచ్చేట్టు చేశాను. కుట్టు వెండిలా మెరిసింది. అది పెట్టిన రోజు ఇంకా ఎక్కువ మంది చూశారు. అక్క చేతిని ఇంకా పొగిడారు. వెలుతురును ఎవరు పొగుడుతారు?

ఆదివారాలు నాకు కష్టంగా ఉండేవి. తల్లీ కూతురూ ఒకే దిండుకు ఆనుకుని ఫోన్ చూసుకుంటూ నవ్వేవాళ్ళు. "సూడు మా, ఒగామె నీ గాజులు యాడ కొన్నారని అడగతా ఉంది." "కాణిపాకం తిరనాళ్ళలో అని సెప్పు." నేను పని ఉందని గోడ ఇవతలికి వచ్చేసేదాన్ని. పనేమీ ఉండేది కాదు.

ఆడి నెలలో, అంటే ఆషాఢంలో, తిరుపతి నుంచి ఒకామె ఫోన్ చేసింది. పేరు పవిత్ర, ఏడో నెల. పుట్టబోయే బిడ్డకు బొంత కావాలంది. తన పాత చీరలు, వాళ్ళ మామ పంచె ఒకటి పార్సిల్ చేసింది. కుట్టేది మొదటి నుంచి చివరి దాకా వీడియో తీసి పెట్టాలని కూడా అడిగింది, బిడ్డ పెద్దయ్యాక చూపించుకోవడానికి.

అక్క ఆ చీరలను ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. బిడ్డ బొంత ఆమె చేతికి రావడం అదే మొదలు. నాకు లోపల భగ్గుమంది. మిగిలిన ఆ ఒక్క మెట్టూ పోయింది అనుకున్నాను.

రెండు రోజులకు, ఆదివారం, పవిత్ర అత్త ఫోన్ చేసింది. రూపశ్రీ స్పీకరులో పెట్టింది.

"ఏమ్మా, మీ వీడియోల్లో ఎడమచేత్తో కుడతా ఉండారే. పసిబిడ్డకు ఎడమచేతి కుట్టు ఎట్ల వేస్తారు? మా ఇండ్లల్లో ఆ వాడిక లేదు."

రూపశ్రీ తడుముకోలేదు. "అది సెల్ఫీ కెమెరా అత్తా. అద్దంలో మాదిరి ఎడమ కుడి మారి కనపడతాది. మాయమ్మది కుడిచెయ్యే."

ఫోన్ పెట్టేశాక అక్క కూతురి వైపు చూసింది. "అబద్ధం ఎందుకు సెప్పినావు పాపా?"

"అబద్ధం కాదు మా, అద్దం. ఈసారి వీడియోను తిప్పేస్తాను. దాంట్లో ఒగ గుర్తు ఉంటాది, నొక్కితే ఎడమ పక్కది కుడి పక్కకి వచ్చేస్తాది. నువ్వు కుట్టేది కుట్టు. ఈ ఒగ్గ బొంత బాగా పోయిందంటే బిడ్డల బొంతలన్నీ నీ దగ్గిరికే వస్తాయి."

"వద్దు పాపా."

"గమ్మున ఉండు మా."

గమ్మునే ఉంది అక్క. ఆ బొంత ఆమెకు అంత కావాలి.

బుధవారం నేను తీశాను. అన్నిటికంటే కింద పవిత్ర మామ పంచె, దాని మీద చీరలు. మూల దగ్గర అంచు మడుస్తున్నప్పుడు పంచె కొస పైకి తేలింది. దాని మీద మిల్లు ముద్ర, ఊదారంగు అక్షరాలు. తీసింది పంపితే రూపశ్రీ రేణిగుంట నుంచే తిప్పి, కత్తిరించి, పెట్టే ముందు నా ఫోనుకు పంపింది, చూసి చెప్పు చిన్నమ్మా అని. చూశాను. కుడిచేత్తో కుడుతోంది అక్క. నిజంగా కుడిచెయ్యే అనిపించింది. కింద మూలలో ఊదా అక్షరాలు ఉన్నాయి. అలవాటుగా వేలు పెట్టాను. ఒక్క అక్షరమూ చదవడానికి రాలేదు. అన్నీ వెనక్కి తిరిగి ఉన్నాయి.

ఆ మూలను కొంచెం కత్తిరిస్తే చాలు. ఒక్క మాట చెబితే చాలు.

"బాగుండాది పాపా," అన్నాను.

సాయంత్రానికి ఎవరో పట్టేశారు. "అక్షరాలు తిరగబడినాయి, వీడియో తిప్పినారు, ఆమెది ఎడమచెయ్యే" అని రాశారు. దాని కింద ఇంకొకరు, ఆ కింద ఇంకొకరు. "బిడ్డ బొంతలో మోసమా" అని ఒకరు. మరునాడు పొద్దున పవిత్ర అత్త ఫోన్ చేసింది. "చీరలు తిరిగి పంపించండమ్మా," అంది.

రూపశ్రీ రేణిగుంట నుంచి ఫోన్‌లో ఏడ్చింది. అక్క ఏడవలేదు. "పంపిస్తాంలే, కుట్లు విప్పాల గదా, నాలుగు దినాలు పడతాది," అంది. నాకు సంతోషం కలిగిందా అంటే, కలిగింది. అన్నం రెండోసారి పెట్టుకుని తిన్నాను ఆ పూట.

శనివారం చక్కెర అడగడానికి పోయాను. అక్క నడవాలో గోడ వైపు తిరిగి కూర్చుని ఉంది. కుట్లు విప్పడం లేదు. విప్పేసి, మళ్ళీ కుడుతోంది. కుడిచేత్తో. ఎడమచేతిని కొంగుతో చుట్టి ఒళ్ళో కట్టేసుకుంది, అది సూది మీదికి పోకుండా. కుట్లు చీమలు చెదిరినట్టు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. చూపుడువేలికి గుడ్డపేలిక చుట్టి ఉంది, దాని మీద రక్తం మరక.

"ఏం చేస్తా ఉండావు అక్కా?"

"కుడిచేత్తో కుట్టి, వీడియో తీసి పంపిస్తే ఆమె నమ్ముతాదేమో అని." ఆమె నా వైపు తిరగలేదు. "నువ్వే తీద్దువు గాని. తిప్పే పని లేదు ఈసారి."

గడపలోనే కూర్చున్నాను. చెప్పడం ఎట్లాగో తెలియక చెప్పేశాను.

"ఆ అచ్చరాలు నేను ముందే సూసినాను అక్కా. తెలిసే సెప్పలేదు."

"తెలుసు."

"ఎట్ల తెలుసు?"

"ఒగ్గొగ్గ అచ్చరానికీ ఏలు పెట్టేదానివి. నీకు అగపడకుండా యాడికి పోతాది?" సూదిని బట్టలో గుచ్చి వదిలేసింది. అప్పుడు తిరిగింది నా వైపు. "రూపశ్రీ పుట్టినప్పుడు నేను నా చీరలు దాచుకోని ఉంటిని, బొంతకు. అత్త వాటిని తెచ్చి నీ ఒళ్ళో ఏసింది. నా బిడ్డ నీ కుట్ల మీద పండుకోనింది. పదకొండు దినాలు నేను ఈ నడవాలోనే పండుకోని నువ్వు కుట్టేది సూసినాను. ఆ సూది నీ ఏలికి గుచ్చుకోవాలని ఎన్ని దేవుళ్ళకు మొక్కినానో తెలుసా నీకు?"

నాకు తెలియదు. ఆ పదకొండు రోజులూ నాకు బాగా గుర్తు. అక్క నన్ను చూస్తోందనీ, నా పనితనం చూస్తోందనీ గర్వంగా చిన్న చిన్న కుట్లు వేశాను.

"గుచ్చుకోలేదు," అన్నాను.

"గుచ్చుకోలేదు మే. అదే నా కడుపుమంట."

ఇద్దరికీ నవ్వు వచ్చింది. ఎక్కువసేపు కాదు.

నేను ఇంటికి పోయి ట్రంకుపెట్టె తీశాను. గిరి బొంత అడుగున ఉంది. మూడేళ్ళుగా దాని మీద ఏమీ పెట్టలేదు, దాన్ని తీయనూ లేదు. తెచ్చి అక్క ముందు పరిచాను. దాని పక్కనే అక్క కుట్టిన పెద్దవాళ్ళ బొంత ఒకటి పరిచాను. కుర్చీలు, పలక, రాయి సర్దాను. తలవాకిలి తెరిచి వెలుతురు చూసుకున్నాను. రూపశ్రీ పుస్తకంలో ఈ వీడియో లేదు.

ముందు రెండు కుట్లనూ దగ్గరగా తీశాను, ఏది ఏ చేతిదో చెప్పకుండా. తరువాత అక్క ఎడమచేతి కట్టు విప్పించి, పవిత్ర బొంత మీద పది కుట్లు వేయించాను, తిప్పకుండా. నేను ఫోను వెనక నిలబడి మాట్లాడాను. అప్పటిదాకా ఏ వీడియోలోనూ నా గొంతు లేదు.

"ఒగటి కుడిచెయ్యి, ఒగటి ఎడమచెయ్యి. ఏది ఏదో మీరే సెప్పండి. మాయక్కది ఎడమచెయ్యే. మేము వీడియో తిప్పినాము, తప్పే. ఎడమచెయ్యి బిడ్డలకు మంచిది కాదని మాయత్త అనేది. ఈ సిన్న బొంత నా కొడుకుది. నేనే కుట్టినాను, కుడిచేత్తో, ఒగ్గ కుట్టు కూడా వంకర పోకుండా. వాడు లేడు ఇప్పుడు. చెయ్యి ఏం చేస్తాది?"

అక్క సూది ఆగింది. ఆగినది కూడా వీడియోలో ఉంది. రూపశ్రీ దాన్ని కత్తిరించలేదు.

జనం ఏమన్నారో అన్నీ రాయను. చాలామంది ఏది ఏదో తప్పుగా చెప్పారు. పవిత్ర సోమవారం ఫోన్ చేసింది. వీడియో అత్తకు చూపించిందట.

"మాయత్త పూర్తిగా ఒప్పుకోలేదు అక్కా," అంది పవిత్ర. "మొదటి కుట్టు కుడిచెయ్యి పడాలంటుంది. తరువాత ఎవురు కుట్టినా సరే అంటా ఉంది. ఆ వీడియోలో మాట్లాడినామె వెయ్యాలంట."

అక్క నా వైపు చూసింది. నేను సూది పట్టి మూడేళ్ళు. మా అత్త మాట ఇంకో అత్త నోట్లో నుంచి వచ్చింది, అంతే తేడా. వద్దనాలనుకున్నాను. అక్క దారానికి మైనం రాసి, సూదిలోకి ఎక్కించి నా చేతిలో పెట్టింది.

వంకర కుట్లన్నీ విప్పేసి, పొరలు మళ్ళీ సరిచేసి, ఆదివారం కూర్చున్నాం. పంచె ముద్ర ఈసారి లోపలి మడతలోకి పోయింది, నేనే చూసి మడిచాను. మొదటి మూలలో ముడి వేశాను. అక్కడి నుంచి నా కుట్టు ఎడమకు పోయింది, అక్క కుట్టు కుడికి పోయింది. ఒకే మూలలో మొదలుపెట్టి వీపులు చూపించుకుంటూ దూరమయ్యాం. పైన పలక మీద ఫోను, పక్కన రూపశ్రీ. మొదటి చుట్టు అట్లా ఇద్దరమూ చెరో సగం కుట్టుకుంటూ పోతే ఎదురు మూలలో కలుస్తాం. ముప్పై ఏళ్ళు ఒకే గోడకు అటూ ఇటూ కుట్టాము, ఎప్పుడూ ఒకే బొంత మీద కూర్చోలేదు.

"చిన్నమ్మ కుట్టు ఎంత సన్నగా ఉండాదో సూడు మా," అంది రూపశ్రీ.

"సన్నగా ఉంటే ఏం, నత్తమాదిరి పోతా ఉంది," అంది అక్క.

ఆ వీడియో పెట్టాక కూడా జనం ఎడమచేతినే పొగిడారు. నేను ఒక్కొక్కటీ వేలు పెట్టి చదివాను, నా చేతి గురించి ఎవరైనా రాశారేమో అని. ఇద్దరు రాశారు. అక్కకు రెండు వందల పైన. కడుపుమంట పోయిందని చెప్పను, ఉంది. పక్కన కూర్చుంటే కొంచెం తక్కువగా తెలుస్తుంది.

ఎదురు మూలకు నాకంటే ముందు చేరింది అక్క. నేను ఇంకా మూరెడు దూరంలో ఉన్నాను. మూలకు నాలుగు వేళ్ళ ఇవతల ఆమె సూది ఆపేసి, చేతులు వెనక్కి ఆన్చి కూర్చుంది.

"ఏమక్కా?"

"దారం అయిపోయింది. నువ్వు వచ్చి ముడెయ్యి."

నేను మూల దాకా కుట్టుకుంటూ పోయి ముడి వేశాను. ఆమె సూదికి ఇంకా జానెడు దారం వేలాడుతూనే ఉంది.